రోజూ లేటవుతున్న సంగతి మేనేజర్‌తో ఎలా చెప్పాలి, ఏం ప్లాన్ ఇవ్వాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎప్పుడో ఒకసారి లేటైతే "సారీ" సరిపోతుంది. నెలలో ఏడెనిమిది సార్లయితే సరిపోదు, ఎందుకంటే అప్పటికి మేనేజర్‌కి కావలసింది క్షమాపణ కాదు, వచ్చే నెల ఎలా ఉండబోతుందో తెలియడం. ఈ విషయంలో పదే పదే వచ్చే సందేహాలకు జవాబులు ఇవి. లెక్కలు తేలిగ్గా అర్థమవడానికి ఆఫీసు టైము ఉదయం 9:30 అనుకున్నాం.

## మాట్లాడే ముందు

మేనేజర్ ఇంకా ఏమీ అనలేదు. నేనే వెళ్లి కదిలించడం ఎందుకు?

అనలేదంటే చూడలేదని కాదు. చాలామంది మేనేజర్లు మొదటి రెండు మూడు వారాలు ఊరుకుంటారు, తర్వాత మనసులో లెక్క పెట్టుకోవడం మొదలెడతారు, చివరికి అప్రైజల్ రోజున బయటపెడతారు. ఆయన పిలిచి అడిగాక మీరు చెప్పేదంతా సంజాయిషీలా వినిపిస్తుంది. అదే మాట మీరే ముందు చెబితే సమాచారంలా వినిపిస్తుంది. నెలలో నాలుగు సార్లు దాటితే అడిగే దాకా ఆగకపోవడమే మంచిది.

ఎన్నిసార్లు లేటయ్యానో నాకే సరిగ్గా గుర్తులేదు. ఉజ్జాయింపుగా చెప్పొచ్చా?

చెప్పకండి. ఉజ్జాయింపు ఎప్పుడూ మనవైపే మొగ్గుతుంది. మీరు "నాలుగైదు సార్లు" అన్నాక ఆయన దగ్గరున్న అటెండెన్స్‌లో తొమ్మిది కనిపిస్తే, ఆ తర్వాత మీరు చెప్పే నిజం కూడా నిలబడదు.

గత నెల అటెండెన్స్ రికార్డు తీయండి. కార్డు పంచింగ్ లేని చోట కంప్యూటర్ లాగిన్ టైములో, పొద్దున పంపిన మొదటి మెసేజ్ టైములో చూడొచ్చు. తేదీ, వారం, ఎన్ని నిమిషాలు లేటు: ఈ మూడే రాసుకోండి. ఒక ఉదాహరణ చూద్దాం. 22 పనిరోజుల్లో 9 సార్లు లేటు. నిమిషాలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేరిస్తే 6, 8, 8, 9, 11, 12, 14, 35, 50. ఈ వరుసను కాసేపు చూస్తే విషయం దానంతటదే బయటపడుతుంది. చివరి రెండూ నిజంగా అనుకోకుండా జరిగినవి. ఒక రోజు బండి పంచరు, ఒక రోజు ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదు. మిగతా ఏడూ 6 నుంచి 14 నిమిషాల మధ్యే ఉన్నాయి. ఏడు వేర్వేరు ఆటంకాలు ఏడుసార్లూ ఒకే కొలతలో రావు. అంటే ఈ మనిషి రోజూ అవసరమైన దానికన్నా కాస్త ఆలస్యంగా ఇంట్లోంచి బయటపడుతున్నాడు. మేనేజర్‌తో మాట్లాడాల్సింది ఆ ఏడింటి గురించే.

వారాలు కూడా చూడండి. లేట్లన్నీ సోమవారాలే అయితే శని, ఆదివారాల్లో నిద్ర వేళ జరిగిపోతోందని అర్థం. ఏదో ఒక్క వారమే మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ రోజు ఇంట్లో మీమీద పడే పని ఏదో ఉందన్నమాట.

ఒక్కోసారి ఒక్కో కారణం. అందులో ఏది చెప్పాలి?

ట్రాఫిక్, లిఫ్టు, వాన, దొరకని తాళం చెవి... వీటిలో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. కానీ ఇవన్నీ కలిసి మిమ్మల్ని లేటు చేయగలిగాయంటే, వాటిని తట్టుకునేంత వ్యవధి మీ పొద్దునలో లేదన్నమాట. చెప్పాల్సిన కారణం అదే: "నేను బయల్దేరే టైములో వెసులుబాటు లేదు, అందుకే చిన్న అడ్డంకి వచ్చినా లేటవుతున్నాను."

సరైన కారణం దొరికిందో లేదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. అనుకున్న కారణాన్ని తీసేసి చూడండి. ట్రాఫిక్ లేని రోజున కూడా 9:29కి గానీ సీటు చేరడం లేదంటే అసలు కారణం ట్రాఫిక్ కాదు.

నిజం ఏంటంటే నాకు పొద్దున మెలకువ రాదు. అది చెప్తే పరువు పోదా?

"బద్ధకం సర్" అని చెప్పక్కర్లేదు, అది కారణం కూడా కాదు. ఇంకో అడుగు వెనక్కి వెళ్లండి. రాత్రి ఒంటిగంటకు పడుకుని 7:15కి లేవాలనుకుంటే అలారం మూడుసార్లు ఆపడం వింతేమీ కాదు. "రాత్రి పడుకోవడం బాగా లేటవుతోంది, దానివల్ల పొద్దున 15 నిమిషాలు పోతున్నాయి, ముందు దాన్ని సరిచేస్తున్నాను" అంటే పరువు పోయే మాటేమీ లేదు. పైగా ఇది మీ చేతిలో ఉన్న విషయం కాబట్టి మారుతుందని అవతలి మనిషికి నమ్మబుద్ధవుతుంది.

ఏడెనిమిది గంటలు పడుకున్నా లేవలేకపోతున్నా, గట్టిగా గురకపెట్టి పగలంతా కునికిపాట్లు పడుతున్నా, తొందరగా పక్క ఎక్కినా రెండు మూడు దాకా నిద్రే పట్టకపోయినా అది అలారంతో తీరే సంగతి కాదు. డాక్టర్‌కి చూపించుకోండి.

ఆరోగ్యం, ఇంటి ఇబ్బందుల గురించి ఎంతవరకు చెప్పాలి?

పనిమీద పడే ప్రభావం ఎంతో, అది ఎన్నాళ్లు ఉంటుందో అంతవరకు చెబితే చాలు. "ఇంట్లో పెద్దవాళ్లకి పొద్దున పూట నా సాయం కావలసి వస్తోంది, మరో ఆరు వారాలు ఇలాగే ఉండొచ్చు" అన్నది పూర్తి సమాధానమే. జబ్బు పేరు, మందుల పేర్లు, ఇంట్లో గొడవలు మేనేజర్‌కి అక్కర్లేదు. చెప్పనిది దాచడం అవుతుందేమోనని కంగారు పడకండి. దాచడం వేరు, వేరే కథ చెప్పడం వేరు. ఆరోగ్య కారణంతో పనివేళల్లో వెసులుబాటు కావాలంటే మాత్రం డాక్టర్ కాగితంతో హెచ్‌ఆర్‌ని అడగడం సరైన దారి.

ఇదివరకు రెండు మూడు సార్లు ట్రాఫిక్ అని అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఒప్పుకోవాలా?

ఒక్క వాక్యంలో తేల్చేయండి: "ఇంతకుముందు ట్రాఫిక్ అన్నాను, చాలా రోజులు అసలు కారణం అది కాదు, ఇంట్లోంచే లేటుగా బయల్దేరాను." ఏ తేదీన ఏ అబద్ధమో జాబితా చదవొద్దు. ఈ వాక్యం మింగేస్తే మీ కొత్త ప్లాన్ పాత కారణానికి అతకదు. ట్రాఫిక్ సమస్యకి రాత్రి తొందరగా పడుకోవడం ఏం పరిష్కారమని ఎవరికైనా అనుమానం వస్తుంది.

## ప్లాన్ తయారీ

"రేపటి నుంచి టైముకి వస్తాను సర్" అంటే చాలదా?

చాలదు. అందులో మారేది ఏదో లేదు. మీరు కూడా ఆ మాట గత నెలలో ఒకసారి అనే ఉంటారు. ప్లాన్ అనిపించుకోవాలంటే మూడు కనిపించాలి: ఇంట్లోంచి కాలు బయటపెట్టే కచ్చితమైన టైము, దానికోసం పొద్దున నుంచి ఏ పని తీసేస్తున్నారు, అది పనిచేసిందో లేదో ఏ తేదీన చూస్తారు.

ఎన్ని గంటలకు బయల్దేరాలో ఎలా లెక్కేయాలి?

"మా ఇంటి నుంచి ఆఫీసు 40 నిమిషాలు" అని అందరి నోటా ఒక అంకె ఉంటుంది. అది దాదాపు ఎప్పుడూ అన్నీ కలిసొచ్చిన రోజు అంకె. పాత అనుభవం కళ్లముందే ఉన్నా మనిషి సాఫీగా జరిగే రోజునే ఊహించుకుని టైము అంచనా వేస్తాడని డానియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. కాబట్టి ఊహించకండి, కొలవండి. వారం రోజులు తలుపు తాళం వేసినప్పటి నుంచి సీట్లో కూర్చునేదాకా ముక్కలు ముక్కలుగా టైము రాసుకోండి.

ఇందాక 9 సార్లు లేటన్న మనిషికి అలా కొలిస్తే ఇలా వచ్చిందనుకుందాం. బస్టాపు దాకా నడక 7 నిమిషాలు. బస్సు కోసం 3 నుంచి 12. ప్రయాణం 30 నుంచి 38. గేటు నుంచి లిఫ్టు మీదుగా సీటు దాకా 5. మొత్తం మంచి రోజున 45 నిమిషాలు, మామూలు చెడ్డ రోజున 62. అతను 8:40, 8:45 మధ్య బయల్దేరుతున్నాడు, అంటే చేరేది 9:25 నుంచి 9:47 లోపు. నెలలో సగానికి దగ్గరగా లేటు కావడంలో ఆశ్చర్యం లేదు. నడక, వెయిటింగ్, లిఫ్టు అతని "40 నిమిషాల్లో" ఎప్పుడూ లేవు.

లెక్క వెనకనుంచి కట్టాలి. సీట్లో ఉండాల్సింది 9:25కి. చెడ్డ రోజు ప్రయాణం 62 నిమిషాలు. కాబట్టి 8:23కి, గుర్తుండేలా 8:20కి, బయట ఉండాలి. ఇప్పటికన్నా 20 నుంచి 25 నిమిషాలు ముందు. సగటు ప్రయాణం పట్టుకుని లెక్కేస్తే మాత్రం రెండ్రోజులకోసారి లేటు తప్పదు.

ఆ 20 నిమిషాలు ఎక్కడినుంచి తేవాలి? అలారం ముందుకి జరిపితే సరిపోదా?

అలారం ఒక్కటే జరిపితే మూడో రోజుకి మళ్లీ మొదటికొస్తారు, ఎందుకంటే పడుకునే వేళ మారలేదు. ముందు పొద్దున పనుల్లోంచి రాత్రికి పోగలిగినవి ఏరండి. బట్టలు ఇస్త్రీ చేయడం, బ్యాగు సర్దడం, ఛార్జరు, ఐడీ కార్డు వెతకడం: వీటికే పది పన్నెండు నిమిషాలు పోతాయి, పైగా తొందరలో వెతికితే ఇంకా ఎక్కువ. మిగతా పది నిమిషాలకి అలారం 7:15 నుంచి 7:05కి, రాత్రి పడుకోవడం కూడా అదే పది నిమిషాలు ముందుకి. చిన్న మార్పు కాబట్టి నిలుస్తుంది. గంట ముందే లేచి నడకకి వెళ్తాననే ప్లాన్లు మేనేజర్‌కి చెప్పొద్దు.

రెండో అలారం 8:10కి పెట్టుకోండి. అది లేవడానికి కాదు, చెప్పులేసుకోవడానికి. చేరే టైము మన చేతిలో లేదు, బయల్దేరే టైము ఉంది. అందుకే రోజూ గమనించాల్సింది దాన్నే.

షిఫ్టు టైము మార్చమని అడగొచ్చా?

పిల్లల్ని బడిలో దింపడం లాంటి, మీరు ఎంత చేసినా జరపలేని పని అడ్డుగా ఉంటే అడగాలి. అప్పుడు కోరిక మొత్తంగా చెప్పండి: "10:00 నుంచి 6:30 వరకు ఉంటాను, 9:45 మీటింగ్ ఉన్న మంగళ, గురువారాల్లో ఇంట్లో వేరే ఏర్పాటు చేసుకుని 9:30కే వస్తాను, ఒక నెల చూసి నిర్ణయిద్దాం." రాత్రి లేటుగా పడుకోవడమే కారణమైతే షిఫ్టు మార్చినా లాభం లేదు. 9:40కి వచ్చేవారు 10:10కి వస్తారు. పైగా రెండోసారి అడిగే అవకాశం పోతుంది.

## మాట్లాడేటప్పుడు

ఎప్పుడు మాట్లాడాలి? లేటుగా వచ్చిన రోజే చెప్పేస్తే?

లేటుగా వచ్చిన పొద్దున అసలు వద్దు. ఆయన చిరాకులో, మీరు ఆయాసంలో ఉంటారు. టైముకి వచ్చిన రోజున, పదిహేను నిమిషాలు అడగండి. మెసేజ్ ఇంత చాలు: "సర్, పొద్దున నేను లేటవడం గురించి మాట్లాడాలి. రేపు మధ్యాహ్నం 15 నిమిషాలు వీలవుతుందా?" విషయం రాయకుండా "ఒక ముఖ్యమైన సంగతి" అని పంపితే రాజీనామా అనుకుంటారు.

లోపలికి వెళ్లాక ఎలా మొదలెట్టాలి?

అంకెతో మొదలెట్టండి. చుట్టూ తిరగడం మొదలైతే అక్కడే ఆగిపోతారు. మొత్తం మాట్లాడటానికి రెండు నిమిషాలు పట్టదు:

"సర్, పోయిన నెల 22 రోజుల్లో నేను 9 సార్లు లేటయ్యాను. రెండు రోజులు అనుకోకుండా జరిగాయి, మిగతా ఏడు రోజులూ తప్పు నాదే. ప్రయాణం 40 నిమిషాలనుకుని 8:40 తర్వాత బయల్దేరుతున్నాను, వారం కొలిచి చూస్తే 62 దాకా పడుతోంది. నావల్ల 9:30 కాల్‌లో రెండుసార్లు నా అప్‌డేట్ వేరేవాళ్లు చెప్పాల్సి వచ్చింది. ఈ సోమవారం నుంచి 8:20కి బయల్దేరుతున్నాను, అందుకోసం పొద్దున పనులు కొన్ని రాత్రికి మార్చాను. ఏ రోజైనా తేడా వస్తుందనిపిస్తే 9:00 లోపే మీకు మెసేజ్ పెడతాను. రెండు వారాల తర్వాత అటెండెన్స్ తెచ్చి మీకు చూపిస్తాను. ఇందులో మీకు సరిపోనిది ఏమైనా ఉందా?"

అందరూ వదిలేసేది మధ్యలో ఉన్న కాల్ సంగతి. మీ లేటువల్ల ఎవరికి ఏం ఇబ్బంది కలిగిందో మీ నోటితో రావాలి. అది రాకపోతే మేనేజర్ చెబుతారు, అప్పుడు మాట ఇంకో దారి పడుతుంది. చివరి ప్రశ్న అడిగాక ఆగిపోండి. నిశ్శబ్దం భరించలేక ఇంకో కారణం కలపొద్దు.

ఎన్నిసార్లు సారీ చెప్పాలి?

ఒకసారి.

"అందరికీ ఇదే ట్రాఫిక్, నీకొక్కడికే ఎందుకు?" అంటే ఏం చెప్పాలి?

"నిజమే సర్, వాళ్లు ఆ టైము లెక్కలో పెట్టుకుని బయల్దేరుతున్నారు, నేను పెట్టుకోలేదు" అనండి. ఆ ప్రశ్న వెనక ఉన్నది మీరు బాధ్యత తీసుకుంటున్నారా లేదా అనే. మా ఇల్లు దూరం, మా రూటు వేరు అని వాదనకి దిగితే ప్లాన్ దాకా మాట వెళ్లదు.

సాయంత్రం గంట ఎక్కువ ఉంటాను, పని ఏదీ పెండింగ్ లేదు. ఆ మాట అనొచ్చా?

సంజాయిషీగా అనొద్దు. పొద్దున మీకోసం ఆగినవాళ్లకి మీ సాయంత్రం గంటతో పని లేదు. మీ పని నిజంగా ఎవరిమీదా ఆధారపడనిదైతే అది పనివేళలు మార్చమని అడగడానికి కారణం అవుతుంది, జరిగిన లేట్లకి జవాబు కాదు.

మాట్లాడాక మెయిల్ కూడా పెట్టాలా?

పెట్టండి, అదే రోజు, ఐదారు వాక్యాల్లో. ఏ తేదీ నుంచి, ఎన్ని గంటలకు బయల్దేరుతారు, లేటయ్యేలా ఉంటే ఎన్నింటికల్లా చెబుతారు, ఎప్పుడు కలిసి చూసుకుంటారు. ఇంటి విషయాలు, ఆరోగ్య విషయాలు అందులో రాయకండి. మెయిల్ ఎవరెవరికి ఫార్వర్డ్ అవుతుందో మీ చేతిలో ఉండదు. సాధించలేని మాట కూడా రాయొద్దు. "ఇక ఎప్పటికీ లేటవను" కన్నా "వచ్చే 20 పనిరోజుల్లో ఒకటికి మించి లేటు ఉండదు" అన్నది మీకూ ఆయనకూ కొలవడానికి వీలైన మాట.

## ఆ తర్వాత

లేటయ్యేలా ఉంటే మెసేజ్ ఎప్పుడు, ఎలా పెట్టాలి?

9:30 దాటాక కాదు. 8:50కి ఇంకా బస్సులో లేకపోతే లేటవ్వొచ్చని అప్పటికే తెలిసిపోయినట్టే, అప్పుడే పెట్టండి. "ఆన్ ద వే" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "9:45కి సీట్లో ఉంటాను, 9:30 కాల్‌లో నా అప్‌డేట్ గ్రూపులో పెట్టాను" అంటే ఆయన చేయాల్సింది ఏమీ మిగలదు. టైము చెప్పేటప్పుడు ఐదు నిమిషాలు ఎక్కువే చెప్పండి. 9:40 అని 9:50కి వస్తే ఒకే పొద్దున రెండుసార్లు లేటయినట్టు.

ప్లాన్ మొదలెట్టిన మూడో రోజే లేటయ్యాను. అంతా పోయినట్టేనా?

ఆ రోజు ఎన్నింటికి బయల్దేరారో చూడండి. 8:20కే బయల్దేరి దారిలో బస్సు ఆగిపోతే ప్లాన్‌లో తప్పు లేదు, అలాగే చెప్పండి. 8:35కి బయల్దేరితే ప్లాన్ ఎక్కడో తెగింది. ఆ రోజే వెళ్లి, ఎక్కడ తెగిందో, ఏం మారుస్తున్నారో చెప్పండి: "రాత్రి బ్యాగు సర్దకుండా పడుకున్నాను, ఇకనుంచి భోజనం కాగానే సర్దుతాను." రెండు వారాల్లో మూడుసార్లు తెగితే ప్లాన్ మీ పొద్దునకి సరిపోలేదు. అటెండెన్స్ చూపిస్తానన్న రోజు దాకా ఆగకుండా వేరే ప్లాన్ పట్టుకెళ్లండి.

ఇప్పటికే మెమో ఇచ్చారు. ఇప్పుడు నిజం చెబితే నాకే ఎదురు తిరగదా?

మెమోకి రాసే జవాబు ఫైల్లో ఉంటుంది కాబట్టి అందులో ప్రతి అంకె రికార్డుతో సరిపోవాలి. మెమోలో ఉన్న తేదీలు ముందు సరిచూసుకోండి. సెలవు పెట్టిన రోజో, బయట డ్యూటీ చేసిన రోజో లేటు కింద పడి ఉంటే ఆధారంతో చూపండి. మిగతావి ఒప్పుకుని, కారణం రెండు వాక్యాల్లో, ప్లాన్ తేదీలతో రాయండి. గడువులోగా ఇచ్చి, అందినట్టు సంతకం గానీ మెయిల్ గానీ తీసుకోండి. ఉద్యోగం తీసేసే దాకా వచ్చిందనిపిస్తే జవాబు ఇచ్చే ముందే యూనియన్ వాళ్లకో, కార్మిక చట్టాలు తెలిసిన లాయరుకో చూపించండి.

ఇలా ఎన్నాళ్లు అటెండెన్స్ చూపిస్తూ ఉండాలి?

రెండు వారాలయ్యాక ఒకసారి, నెలయ్యాక ఒకసారి చూపించండి. రెండోసారి కూడా బాగుంటే "ఇక ప్రత్యేకంగా చూపించక్కర్లేదు కదా సర్" అని మీరే అడిగి ముగించండి. మీరు బయల్దేరిన టైము మాత్రం ఇంకో నెల రోజూ రాసుకోండి. ఇల్లు మారినా, బస్సు రూటు మారినా, పిల్లల బడి వేళ మారినా పాత 62 నిమిషాల లెక్క పనికిరాదు. ఆ వారమే మళ్లీ కొలవాలి.